పావు వంతు అంటే దేంట్లో పావు వంతు?



మన గ్రూపులో ఈ మధ్య చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అనువాదం, డీటీపీ, వీడియో ఎడిటింగ్, సర్వే పనులు సొంతంగా చేస్తున్నామని రాస్తున్నారు. పోయిన వారం ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పెద్ద పని ఒకటి కనబడ్డది, నా ఒక్కడితో కాదు, నలుగురం కలిసి వేద్దామంటే ఎట్లా వేయాలి?" కామెంట్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే పోస్టు రాస్తున్నా. పొడుగైంది, తీరిగ్గా చదవండి. ఇందులో సగం నా తప్పు, సగం ఆ తప్పు నుంచి నేర్చుకున్న లెక్క.

ముందు తప్పు సంగతి చెప్తా.

నేను ఉట్నూరు వైపు వాణ్ణి. హైదరాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్‌లో నా రూమ్మేట్ ఏటూరునాగారం వైపు కోయ పిల్లాడు. నాకంటే ఒక ఏడు పెద్ద, అన్న అనే పిలిచేవాణ్ణి. ఒకే ప్లేటులో తిన్నోళ్లం. చదువు అయిపోయాక నేను వీడియో ఎడిటింగ్‌లో పడ్డా. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి పని వచ్చింది. 10 ఆరోగ్య కథలు, ఒక్కోటి గోండిలో, కోయలో. అంటే మొత్తం 20 వీడియోలు. వీడియోకు 12,000 చొప్పున 2,40,000 రూపాయలు. గోండి నేను చూసుకుంటా, కోయ ఎవరు? అన్నకు ఫోన్ చేశా. "అన్నా, కోయ అనువాదం, గొంతు నీది. వచ్చిన దాంట్లో పావు వంతు నీకు." "సరే రా" అన్నాడు. అంతే. మా అగ్రిమెంట్ మొత్తం ఆ ఫోన్ కాలే.

పని బాగానే నడిచింది. అన్న పది కథలూ అనువాదం చేసి, నా దగ్గరకు వచ్చి మూడు రోజులు కూర్చుని గొంతు ఇచ్చి పోయాడు. తర్వాత సంస్థవాళ్లు ఆ వీడియోలను భద్రాచలం వైపు ఊళ్లలో చూపించారు. అక్కడి పెద్దలు "ఇది కోయే గానీ, మా వైపు మాట కాదు, కొన్ని మాటలు మా ఆడవాళ్లకు అర్థం కాలేదు" అన్నారు. నాలుగు వీడియోలు మళ్లీ రికార్డు చేయమన్నారు. అన్నకు చెప్పా. "నువ్వు చెప్పిన పని నేను చేసి ఇచ్చిన. ఏ ఊరి కోయ కావాలో నాకు ముందు చెప్పలేదు. మళ్లీ రావాలంటే బస్సు చార్జీలు, మూడు రోజుల కూలి ఎవరిస్తారు?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. చివరికి భద్రాచలం వైపు ఇంకో అక్కను పట్టుకుని ఆ నాలుగూ చేయించా.

సంస్థ ముందు ఇచ్చిన 72,000 అడ్వాన్స్‌లో కొంత రూము కిరాయికి, కొంత మైకుకు పోయింది. మిగతా పైసలు పని ఒప్పుకున్న నాలుగు నెలలకు వచ్చాయి. ఆ నాలుగు నెలలూ అన్న నెలకోసారి అడిగేవాడు, "ఇంకా రాలేదు" అని నేను చెప్పేవాణ్ణి. నిజంగానే రాలేదు. కానీ ఫోన్ అవతల ఉన్నోడికి అది నిజమని తెలిసేదెట్లా?

పైసలు వచ్చాక అసలు గొడవ మొదలైంది. అన్న లెక్క: 2,40,000లో పావు వంతు, 60,000. నా లెక్క వేరు. సంస్థ 10 శాతం టీడీఎస్ కోసుకుని ఇచ్చింది, అది 24,000. స్టూడియో, బస్సులు, బొమ్మల ఖర్చు 40,000. అవి పోను మిగిలింది 1,76,000. అందులో పావు వంతు 44,000. నేను 44,000 పంపా. ఆయన 60,000 కోసం చూస్తున్నాడు. మధ్యలో ఉన్నది 16,000 రూపాయలు. దాని మీద ఎనిమిది నెలలు మాటల్లేవు. ఆయన చెల్లె పెళ్లికి కూడా నేను పోలేదు.

మరుసటి ఏడు రిటర్న్ వేశా. నా ఆదాయం పన్ను కట్టేంత లేదు కాబట్టి ఆ 24,000 మొత్తం రీఫండ్‌గా నా ఖాతాలో పడ్డాయి. ఆ రోజు నాకు సిగ్గేసింది. టీడీఎస్ అంటే పోయిన పైసలు కాదు, ఆగిన పైసలు. నా పాన్ నంబరు మీద ఆగాయి, నాకే తిరిగొచ్చాయి. దాన్ని ఖర్చులో కలిపి అన్న వాటా నుంచి కూడా కోసేశా. సరిగ్గా లెక్క వేస్తే ఖర్చు పోను 2,00,000, పావు వంతు 50,000. అప్పుడే 6,000 పంపి, ఎందుకు పంపానో మెసేజ్‌లో రాశా. "అందినయి" అని ఒక్క మాట వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కలిసి పని చేసేవాళ్లు విడిపోయేది దొంగతనం వల్లే అనుకుంటాం. మా ఇద్దరిలో దొంగ ఎవరూ లేరు. "వచ్చిన దాంట్లో పావు వంతు" అనే మాటకు మూడు అర్థాలున్నాయి: బిల్లులో పావు, ఖర్చు పోను పావు, చేతికొచ్చిన దాంట్లో పావు. ఎవరి అర్థం వాళ్లు పట్టుకున్నాం.

ఇప్పుడు రెండో పని సంగతి.

ఆ తర్వాత రెండేళ్లకు ఇంకో సంస్థ కొటేషన్లు పిలిచింది. 12 అంశాలు: సికిల్ సెల్, రక్తహీనత, మలేరియా, కాన్పు జాగ్రత్తలు, ఇట్లాంటివి. గోండి, కోయ, కొలామి, లంబాడీ నాలుగు భాషల్లో బొమ్మల వీడియోలు, మొత్తం 48. గడువు 75 రోజులు. నా ఒక్కడి వల్ల కాదని చూడగానే తెలిసింది. ఇంకో అడ్డం కూడా ఉంది. గత మూడేళ్లలో ఇట్లాంటి పని ఒకటి కనీసం 3 లక్షల విలువది చేసి ఉండాలని షరతు పెట్టారు. నా పెద్ద పని 2,40,000దే. పని తెలిసినా కాగితం మీద నేను పనికిరాను.

హైదరాబాద్‌లో బొమ్మలు, యానిమేషన్ చేసే మన అక్క ఒకామె ఉంది. ఆమెకు 3,50,000 పని చేసిన సర్టిఫికెట్ ఉంది, జీఎస్టీ నంబరుంది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. కానీ ఆమెకు భాషల మనుషులు తెలియరు. నాకు మనుషులు తెలుసు, కాగితాలు లేవు. ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇది: అక్క ఒక్కతే వేసి మమ్మల్ని సబ్ కాంట్రాక్ట్ కింద పెట్టుకోవాలా, లేక అందరం కలిసి జాయింట్ బిడ్ వేయాలా?

రెండింటికీ తేడా చాలామందికి తెలియదు. సబ్ కాంట్రాక్ట్ అయితే సంస్థ ముందు సంతకం ఒక్కరిదే. పని చెడినా, ఆలస్యమైనా సంస్థ ఆమెనే అడుగుతుంది. కిందివాళ్లకు సంస్థతో సంబంధం లేదు, వాళ్ల పైసలు ఆమె ఇవ్వాలి. నష్టం భయం తక్కువ. కానీ పని అయ్యాక సర్టిఫికెట్ ఆమె పేరు మీదే వస్తుంది. నువ్వు ఎంత చేసినా రేపటి టెండర్‌లో చూపించుకోవడానికి నీ దగ్గర కాగితం ఉండదు.

జాయింట్ బిడ్ అయితే సంతకం పెట్టిన అందరి పేర్లూ వర్క్ ఆర్డర్‌లో ఉంటాయి. అనుభవం అందరిదీ అవుతుంది. బాధ్యత కూడా అందరిదీ. భారత కాంట్రాక్టు చట్టం, 1872, 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మాట ఇస్తే, వేరేగా రాసుకోకపోతే, అవతలివాడు అందులో ఏ ఒక్కరినైనా పట్టుకుని మొత్తం పని చేయమనవచ్చు. ఆ ఒక్కరు తర్వాత మిగతావాళ్ల దగ్గర వాళ్ల వంతు వసూలు చేసుకోవాలి. అంటే అక్క మధ్యలో చేతులెత్తేస్తే 48 వీడియోల బరువు నా మీద పడుతుంది.

మేం మధ్యదారి పట్టాం. అక్క లీడ్‌గా, నేను భాగస్వామిగా ఇద్దరం జాయింట్ బిడ్‌లో సంతకం పెట్టాం. నాకు సర్టిఫికెట్ అవసరం, ఆ బరువు మోయడానికి సిద్ధమే. అనుభవం షరతు లీడ్ ఒక్కరికి ఉంటే చాలునా అని ముందే సంస్థకు మెయిల్ పెట్టి, సరేనని జవాబు తెచ్చుకున్నాం. మీరూ అట్లాగే అడగండి. కొందరు ప్రతి భాగస్వామికీ ఉండాలంటారు. అడగకుండా వేస్తే మొదటి వడపోతలోనే పోతుంది. భాషలవాళ్లను మాత్రం సబ్ కాంట్రాక్ట్ కింద పెట్టాం. వాళ్లలో ఇద్దరు ఇంకా చదువుకునే పిల్లలు. వాళ్ల చేత లక్షల పనికి జవాబుదారీ సంతకం పెట్టించడం న్యాయం కాదు. కానీ బిడ్‌లో వాళ్ల పేర్లు, ఏ భాష, ఏ పని అనేది రాశాం, వాళ్ల ఒప్పుదల సంతకాలు పెట్టాం. పని అయ్యాక వాళ్లకు మా ఇద్దరి సంతకంతో పని చేసిన పత్రం ఇస్తామని రాసిచ్చాం.

కోయకు ఎవరు? నాకు ఒకే పేరు గుర్తొచ్చింది. ఫోన్ చేశా. చాలాసేపు విన్నాడు. చివరికి అన్నాడు: "చేస్తా. కానీ ఈసారి పావు వంతు అనకు. దేంట్లో ఎంతో, ఎప్పుడో రాసివ్వు."

నిజం చెప్తున్నా, ఆ మాట వల్లే ఈ రెండో పని నిలబడింది.

మేం వాటాలు మానేశాం. ఒక్కో పనికి ఒక్కో ధర పెట్టాం. కింది నుంచి పైకి లెక్క కట్టాం, ఇట్లా:

స్క్రిప్టు అనువాదం ఒక్కోటి 1,500. అట్లాంటివి 48, అంటే 72,000.
అదే భాష మాట్లాడే ఇంకో ఊరి మనిషి చదివి చూడటానికి స్క్రిప్టుకు 500. మొత్తం 24,000.
గొంతు రికార్డింగ్ ఒక్కోటి 1,500. మొత్తం 72,000.
స్టూడియో, ప్రయాణాలు 40,000.
బొమ్మలు, యానిమేషన్ అంశానికి 18,000. భాష మారినా బొమ్మలు అవే కాబట్టి 12కే లెక్క, 2,16,000.
ఎడిటింగ్ వీడియోకు 2,000. మొత్తం 96,000.
అందరినీ కూర్చడం, సంస్థతో మాట్లాడటం, లెక్కలు 60,000.

అన్నీ కలిపితే 5,80,000. దాని మీద 10 శాతం, 58,000, తిరగరాతలకు, అనుకోని ఖర్చులకు పెట్టాం. మొత్తం 6,38,000. అక్కకు జీఎస్టీ ఉంది కాబట్టి 18 శాతం, 1,14,840 కలిపి, బిడ్ 7,52,840.

చివరి రెండు లైన్ల దగ్గర కొత్తవాళ్లు తప్పు చేస్తారు. కూర్చే పనికి ధర పెట్టరు, "అది ఎట్లాగూ చేస్తాం కదా" అంటారు. 75 రోజుల్లో అక్క రోజుకు రెండు గంటలు ఫోన్లలోనే గడిపింది. ధర పెట్టకపోతే ఆ మనిషి నెల తిరిగేసరికి అలసిపోతుంది, కనబడకుండా ఎక్కడో కోసుకోవాలని చూస్తుంది. ఆ పని విలువ పట్టికలో అందరికీ కనబడేలా ఉంటే "లీడ్ తినేసింది" అనే మాట రాదు. ఇక 58,000 అడ్డు సొమ్ము. అది పెట్టకపోతే తక్కువకు వేసినట్టు కనబడతాం, తర్వాత ఒక్క తిరగరాతకే కొట్టుకుంటాం.

జీఎస్టీ గురించి ఒక మాట. సేవల పనుల్లో ఏడాదికి మొత్తం బిల్లులు 20 లక్షలు దాటనంతవరకు మన రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ జట్టు పనులన్నీ ఒక్కరి పేరు మీదే బిల్లు చేస్తే ఆ ఒక్కరికి 20 లక్షలు తొందరగా నిండుతాయి. తన సంపాదన 4 లక్షలే అయినా సరే, లెక్కలోకి వచ్చేది బిల్లుల మొత్తం. లీడ్‌గా ఉండే మనిషి అది చూసుకోవాలి. పన్ను దగ్గరా ఇదే చిక్కు. సంస్థ ఇచ్చిన డబ్బంతా లీడ్ పాన్ మీద 26ఏఎస్‌లో కనబడుతుంది. అందులో మనకు పంచింది ఖర్చని చూపించాలంటే లీడ్ దగ్గర మన బిల్లులుండాలి. అందుకే "మనలో మనకు బిల్లెందుకు" అనకుండా కోలామి పిల్లాడి దగ్గర నుంచి నా దాకా అందరం అక్కకు బిల్లు ఇచ్చాం, బ్యాంకు ద్వారానే తీసుకున్నాం. టీడీఎస్ ఆగేది మొత్తం మీద 63,800. అది అక్క పాన్‌కు జమ. కాబట్టి భాషలవాళ్ల డబ్బులో ఒక్క రూపాయి కోయకూడదని, ఆ ఆగే మొత్తాన్ని అక్క, నేనే మా చివరి డబ్బులో సర్దుకోవాలని రాసుకున్నాం. నా వంతు ఆమె రిటర్న్ వేశాక ఇచ్చింది.

ధరల పట్టిక కాకుండా మా కాగితంలో ఇంకా మూడే సంగతులున్నాయి. పేజీన్నర తెలుగులో రాశాం, అందరం సంతకాలు పెట్టాం.

ఒకటి, పైసలు ఎప్పుడు. సంస్థ మాకు 30, 40, 30 శాతంగా ఇస్తుంది. "సంస్థ ఇచ్చాక మీకిస్తాం" అని రాస్తే ఆలస్యం బరువంతా కిందివాళ్ల మీద పడుతుంది. పోయినసారి అన్న మీద పడ్డట్టు. కాబట్టి భాషలవాళ్లకు వాళ్ల మొత్తంలో 40 శాతం మొదట్లో, మిగతాది వాళ్ల పని అప్పగించిన వారంలో ఇవ్వాలని రాశాం. ఇవ్వగలమా అని ముందే చూసుకున్నాం. అడ్వాన్స్ 1,91,400, టీడీఎస్ పోను చేతికి 1,72,260. భాషలవాళ్ల మొత్తం 1,68,000, అందులో 40 శాతం 67,200. స్టూడియో, ప్రయాణాలకు 40,000. ఇంకా 65,060 అక్క బొమ్మల పనికి మిగులుతుంది. ఇట్లా అడ్వాన్స్ లెక్క కుదరకపోతే ఆ పనికి బిడ్ వేయొద్దు, లేకపోతే అప్పు చేసి నడపాలి.

రెండు, తిరగరాత ఎవరి ఖర్చు. మా తప్పయితే అడ్డు సొమ్ములోంచి. సంస్థ ఒప్పుకున్న స్క్రిప్టును రికార్డింగ్ తర్వాత వాళ్లే మారిస్తే వాళ్ల ఖర్చు, అదే ధరల పట్టిక ప్రకారం. ఈ రెండో ముక్కను బిడ్‌లో కూడా రాశాం. మనలో మనం రాసుకుంటే సంస్థకు పట్టదు.

మూడు, మనిషి మధ్యలో పోతే. ప్రతి భాషకూ బదులు మనిషి పేరు ముందే రాశాం. పోయేవాళ్లు చేసినంతకు పట్టిక ధర తీసుకోవచ్చు, పది రోజుల ముందు చెప్పాలి, ఫైళ్లు అప్పగించాలి.

పని మాకు వచ్చింది. ధరలో మేం అందరికంటే తక్కువ కాదని తర్వాత తెలిసింది. ప్రతి భాషకూ అనువాదం చేసేది ఒకరు, వేరే ఊరి నుంచి చదివి చూసేది ఇంకొకరు అని పేర్లతో రాయడం వాళ్లకు నచ్చిందట. అది మా తెలివేం కాదు. భద్రాచలం పెద్దలు మొదటిసారి నేర్పిన పాఠమే.

తర్వాత మూడు చిక్కులూ వచ్చాయి, వరసగా.

ముప్పయ్యో రోజున కొలామి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పరీక్ష తేదీ ఇచ్చారు, ఇక చేయలేను." పాత నేనైతే తిట్టేవాణ్ణి. కాగితం తీశా. అతని పని 12 అనువాదాలు, 12 రికార్డింగులు, మొత్తం 36,000. 40 శాతం, 14,400 ముందే తీసుకున్నాడు. ఐదు కథలు రెండు పనులూ పూర్తి చేశాడు, అంటే 15,000. మేం ఇంకా 600 బాకీ. పంపించా. రెండు నిమిషాల్లో తేలిపోయింది, ఎవరికీ మనసు నొవ్వలేదు. బదులు మనిషి మిగతా ఏడు కథలూ ఎత్తుకున్నాడు. అతని ప్రయాణానికి అదనంగా 6,000 అడ్డు సొమ్ములోంచి పోయింది.

నలభై ఐదో రోజున కోయ వీడియోలు రెండింట్లో మాటలు సరిగ్గా రాలేదని మా చూసే మనిషే చెప్పింది. మా తప్పే. రికార్డింగ్ 1,500, ఎడిటింగ్ 2,000, రెండింటికి 7,000. అన్న మళ్లీ వచ్చాడు. ఈసారి అడగకుండానే ఆయన ఖాతాలో రికార్డింగ్ పైసలు పడ్డాయి. సాయంత్రం టీ తాగుతూ, "ఇది పోయినసారి చేసుంటే చెల్లె పెళ్లికి వచ్చేటోడివి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయా.

మూడోది, ఒక అంశంలో నాలుగు భాషల రికార్డింగూ అయ్యాక సంస్థ కొన్ని వాక్యాలు మార్చింది. బిడ్‌లోని ముక్క చూపించి నాలుగు వీడియోలకు 3,500 చొప్పున 14,000 బిల్లు పెట్టాం. మొదట ఇబ్బంది పడ్డారు గానీ రాసి ఉంది కాబట్టి ఇచ్చారు.

చివరి వాయిదా ఆలస్యమైంది. ఇక్కడ అక్క ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అక్కరకొచ్చింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర పని తీసుకున్నవాళ్లు 45 రోజులకు మించి వాయిదా పెట్టుకోవడానికి లేదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అక్క 52వ రోజున మర్యాదగా, ఆ చట్టం పేరు రాసి ఒక ఉత్తరం పెట్టింది. వారం తిరగకముందే పైసలు పడ్డాయి. ఉద్యమ్‌లో నమోదుకు ఫీజు లేదు. పని ఒప్పుకోకముందే చేసుకోండి, తర్వాత చేసుకుంటే పాత పనికి వర్తించదనే వాదన వస్తుంది.

అడ్డు సొమ్ములో 45,000 మిగిలింది. మిగిలితే సగం భాషలవాళ్లకని ముందే రాసుకున్నాం, 22,500 వాళ్లకు పంచాం. మిగతాది అక్క, నేను పంచుకున్నాం.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతా. ఇది మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సింది.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలని, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి కొనాలని ఒక విధానం ఉంది. ఇట్లాంటి సంస్థలకు ధరావతు, అంటే ఈఎండీ కట్టే పని లేదు, టెండర్ పత్రాలు ఉచితం. మామూలుగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం కట్టాల్సిన ధరావతు లేకపోవడం మనలాంటోళ్లకు పెద్ద వెసులుబాటు. కానీ భాగస్వామ్య సంస్థ ఎస్టీ సంస్థగా లెక్కకు రావాలంటే ఎస్టీ భాగస్వాముల వాటా కనీసం 51 శాతం ఉండాలి. మన వాటా 50 అయితే ఆ 4 శాతం లెక్కలోకి రాదు. సంస్థ పెట్టేరోజే ఇది చూసుకోవాలి.

ఈ 51 కోసమే కొందరు మన దగ్గరకు వస్తారు. "తమ్మీ, నీ పేరు పెట్టు, సంతకం పెట్టు చాలు, పనంతా మేం చూసుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం." నా దగ్గరకూ వచ్చారు. ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి. అప్పటికి 43వ సెక్షన్ నాకు తెలుసు కాబట్టి ఆగా. పైసలు వాళ్ల ఖాతాలో, బాధ్యత నా పేరు మీద. పని చెడితే నోటీసు నాకొస్తుంది, బిల్లుల పన్ను బాధ్యత నా మీదా పడుతుంది, బ్లాక్‌లిస్ట్‌లో నా పేరు ఎక్కుతుంది. అది జట్టు కాదు. పట్టిక చూపించమని, బ్యాంకు ఖాతాలో నా సంతకం కూడా ఉండాలని అడిగా. మళ్లీ రాలేదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ముందు మనుషుల్ని కాదు, పనిని ముక్కలు చెయ్. ఒక్కో ముక్కకు ధర పెట్టు. ఎవరు బాధ్యత సంతకం పెట్టగలరో వాళ్లనే జాయింట్‌లో పెట్టు, మిగతావాళ్లను సబ్ కాంట్రాక్ట్‌లో పెట్టి వాళ్ల పైసలు ముందు ఇవ్వు. పైసల తేదీ, తిరగరాత, మధ్యలో పోవడం, ఈ మూడూ బిడ్ వేయకముందే రాసుకో. నీ నలుగురూ ఎంత దగ్గరోళ్లయితే అంత తొందరగా రాసుకో. దగ్గరోళ్ల మధ్యే "చూసుకుందాం లే" అనే మాట ఎక్కువ వస్తుంది.

మా కాగితం నమూనా కావాలంటే అడగండి, పేర్లు తీసేసి పెడతా. కోయ అన్న కూడా ఈ గ్రూపులోనే ఉన్నాడు. పోస్టు వేసే ముందు ఆయనకు చదివి వినిపించా. "16,000 కాదు రా, ఆరు వేలు నువ్వు పంపినవ్ గదా, పదివేలే" అన్నాడు. ఆ పదివేలు నా వంతు ఖర్చేనని, అది సరైన లెక్కేనని ఆయనే ఒప్పుకున్నాడు. నేను మాత్రం ఇంకో లెక్క బాకీ ఉన్నా. వచ్చే నెల ఆయన చెల్లె బిడ్డకు పేరు పెడుతున్నారు. పోతున్నా.

జోహార్.